పైకప్పు కూడా కదిలినప్పుడు

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ఒక రోజు నల్లబల్ల మీద చిన్న లెక్క రాశాను. ఇంటిగ్రల్ లోపల ఉన్నది x·t. దాన్ని t మీద ఇంటిగ్రేట్ చేయాలి. కింది లిమిట్ x, పై లిమిట్ x².

F(x) = ∫ x·t dt, t = x నుంచి t = x² వరకు

x విలువ 2 దగ్గర ఉన్నప్పుడు F ఎంత వేగంగా పెరుగుతోంది? అంటే F′(2) ఎంత?

అడగడం ఆలస్యం, సగం క్లాసు ఒకే జవాబు చెప్పింది: 28. వాళ్లు చేసిన పద్ధతి నాకు తెలుసు. ఎంట్రన్స్ పరీక్షలకు చదివే ప్రతి పిల్లవాడి ఫార్ములా నోట్సులోనూ న్యూటన్–లీబ్నిట్జ్ సూత్రం అని ఒకటి ఉంటుంది. పై లిమిట్‌ని లోపలి ప్రమేయంలో t బదులు పెట్టు, ఆ లిమిట్ డెరివేటివ్‌తో గుణించు. కింది లిమిట్‌కీ అదే పని చేసి, మొదటి దాంట్లోంచి తీసెయ్. ఇక్కడ t బదులు x² పెడితే x³ వస్తుంది, దాన్ని 2x తో గుణిస్తే 2x⁴. t బదులు x పెడితే x², దాన్ని 1తో గుణిస్తే x². తీసేస్తే 2x⁴ − x². x = 2 అయితే 32 − 4, అంటే 28.

ముందు బెంచీలో ఒక అమ్మాయి మాత్రం చెయ్యెత్తి, కాస్త బెరుకుగా అంది. "సార్, నాకు ఆ ఫార్ములా గుర్తు రాలేదు. ముందు ఇంటిగ్రేట్ చేసేసి, వచ్చినదాన్ని డిఫరెన్షియేట్ చేశాను. 34 వచ్చింది. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు సార్."

"నువ్వు తప్పు చేయలేదమ్మా. వచ్చి బల్ల మీద చెయ్యి," అన్నాను.

ఆమె చేసిన దాంట్లో దాపరికం ఏమీ లేదు. t మీద ఇంటిగ్రేట్ చేసేటప్పుడు x ఒక మామూలు అంకెలా కూర్చుంటుంది కాబట్టి, x·t ఇంటిగ్రల్ x·t²/2. లిమిట్లు వేస్తే F(x) = (x⁵ − x³)/2. దీన్ని డిఫరెన్షియేట్ చేస్తే (5x⁴ − 3x²)/2. x = 2 పెడితే (80 − 12)/2, అంటే 34. సందేహం లేదు, 34 సరైనది. ఫార్ములా నోట్సు ఇచ్చిన 28కి ఒక 6 తక్కువైంది. ఈ వ్యాసమంతా ఆ 6 గురించే.

దాన్ని వెతకడానికి గ్రాఫు కాగితం చాలు. x = 2 అయినప్పుడు లోపలి ప్రమేయం 2t. అది ఒక ఏటవాలు గీత. t = 2 దగ్గర దాని ఎత్తు 4, t = 4 దగ్గర ఎత్తు 8. F(2) అంటే ఆ గీత కింద, ఈ రెండు నిలువు గీతల మధ్య ఉన్న జాగా వైశాల్యం. ఎడమవైపు 4 ఎత్తు గోడ, కుడివైపు 8 ఎత్తు గోడ, మధ్య వెడల్పు 2, పైన వాలుగా ఒక కప్పు. వైశాల్యం 12. పశువుల కొట్టానికి వేసిన ఏకవాలు పాకని పక్కనుంచి చూస్తున్నట్టు ఉంటుంది బొమ్మ.

ఇప్పుడు x ని 2 నుంచి 2.01కి జరుపుదాం. ఏమేం మారాయి? కుడి గోడ x² దగ్గర ఉంది కాబట్టి 4 నుంచి 4.0401కి జరిగింది. ఎడమ గోడ x దగ్గర ఉంది కాబట్టి 2 నుంచి 2.01కి జరిగింది. పిల్లలు చూసిన మార్పులు ఈ రెండే. కానీ మూడోది కూడా జరిగింది. కప్పు ఇప్పుడు 2t కాదు, 2.01t. గోడలతో నిమిత్తం లేకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పు కొంచెం పైకి లేచింది.

మూడింటినీ విడివిడిగా కొలుద్దాం. కుడి గోడ జరగడం వల్ల కొత్తగా చేరిన పట్టీ వెడల్పు 0.0401, ఎత్తు దాదాపు 8, వైశాల్యం 0.3208. ఎడమ గోడ లోపలికి జరగడం వల్ల పోయిన పట్టీ వెడల్పు 0.01, ఎత్తు దాదాపు 4, వైశాల్యం 0.04. ఇక కప్పు: t దగ్గర అది 0.01t మేర లేచింది. 2 నుంచి 4 దాకా దాన్ని కూడితే 0.06. మొత్తం 0.3208 − 0.04 + 0.06 = 0.3408. నిజంగా F(2.01) లెక్క కడితే 12.3437 వస్తుంది, అంటే పెరిగింది 0.3437. రెండింటికీ తేడా 0.0029.

ఈ తేడా మూలల్లోది. జరిగిన గోడ, లేచిన కప్పు కలిసేచోట చిన్న ముక్కలు ఉంటాయి, వాటిని మనం లెక్కలో వేయలేదు. అడుగు చిన్నది చేస్తే వాటి గతి ఏమవుతుందో చూడాలి. x ని 2.001కి మాత్రమే జరిపి మళ్లీ అవే మూడు పట్టీలు కొలిస్తే 0.034008 వస్తుంది. అసలు పెరుగుదల 0.034037. తేడా 0.000029. అడుగు పదో వంతు అయితే మూలల్లోని తేడా నూరో వంతు అయింది. అందుకే డెరివేటివ్ తీసేటప్పుడు మూలలు లెక్కలోకి రావు. అడుగుతో భాగించి, అడుగుని సున్నాకి తీసుకెళ్తే మూలలు మాయమైపోతాయి. కప్పు పట్టీ మాత్రం మాయం కాదు, ఎందుకంటే అది కూడా గోడల పట్టీల్లాగే అడుగుతో సమానంగా తగ్గుతుంది. 0.06ని 0.01తో భాగిస్తే 6. ఇదే మనకు తక్కువైన 6.

పూర్తి సూత్రం రాస్తే ఇలా ఉంటుంది. కింది లిమిట్ a(x), పై లిమిట్ b(x), లోపలి ప్రమేయం f(x,t) అనుకుందాం.

F′(x) = f(x, b)·b′ − f(x, a)·a′ + ∫ ∂f/∂x dt, t = a నుంచి t = b వరకు

మొదటి పదం కుడి గోడది, రెండోది ఎడమ గోడది, మూడోది కప్పుది. మూడో పదంలో ఉన్న ఆ వంకర d గుర్తు పాక్షిక అవకలజం. t ని కదలకుండా పట్టుకుని x ఒక్కదాన్నే కదిపితే f ఎంత మారుతుందో అది చెబుతుంది. మన లెక్కలో f = x·t కాబట్టి ∂f/∂x = t. దాన్ని 2 నుంచి 4 దాకా ఇంటిగ్రేట్ చేస్తే (16 − 4)/2 = 6.

పిల్లల నోట్సులోని సూత్రం తప్పు కాదు. లోపలి ప్రమేయంలో t మాత్రమే ఉండి, x కనిపించనప్పుడు అది సరిగ్గా సరిపోతుంది. అప్పుడు కప్పు స్థిరం, గోడలే కదులుతాయి. చిక్కంతా ఆ షరతుని సూత్రం పక్కన రాసుకోకపోవడంలోనే. నేను చూసిన గైడుల్లో చాలావాటిలో ఆ షరతు ఉండదు. లోపల f(t) అని రాసి ఉంటుంది, దానర్థం లోపల x లేదని పిల్లవాడే గ్రహించాలి. పదిహేడేళ్ల పిల్లలకు అది ఎవరైనా వేలు పెట్టి చూపించాల్సిన విషయం.

దీనికి సాయపడే ఒక బొమ్మ చెబుతాను. గోదావరికి వరద వస్తోంది. నదిలో రెండు పడవలు ఒకదాని వెనక ఒకటి ఒకే దిక్కుకి పోతున్నాయి. రెండింటి మధ్య దూరం 2000 మీటర్లు. నది వెడల్పులో ఒక్క మీటరు పట్టీని మాత్రమే తీసుకుని, ఆ రెండు పడవల మధ్య ఎంత నీరు ఉందో లెక్కేద్దాం. ముందు పడవ నిమిషానికి 60 మీటర్లు పోతోంది, దాని కింద నీటి లోతు 6 మీటర్లు. అంటే నిమిషానికి 360 ఘనపు మీటర్ల నీరు కొత్తగా మన లెక్కలోకి వస్తోంది. వెనక పడవ నిమిషానికి 50 మీటర్లు పోతోంది, అక్కడ లోతు 5 మీటర్లు. అది దాటిపోయిన 250 ఘనపు మీటర్లు లెక్కలోంచి పోతున్నాయి. పడవలని మాత్రమే చూసినవాడు నిమిషానికి 110 పెరుగుతోందంటాడు. కానీ వరద వస్తోంది కదా. నీటిమట్టం అంతటా నిమిషానికి ఒక సెంటీమీటరు చొప్పున లేస్తోందనుకుంటే, 2000 మీటర్ల పొడవునా ఒక సెంటీమీటరు అంటే 20 ఘనపు మీటర్లు. అసలు పెరుగుదల 130.

రెండు పడవలూ లంగరు వేసి ఆగిపోయినా ఆ 20 ఆగదు. ఇంకో సంగతి ఉంది. రెండు పడవలూ ఒకే వేగంతో, ఒకే లోతు ఉన్నచోట పోతుంటే గోడల పదాలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. అప్పుడు మిగిలేదల్లా వరద లేపిన నీరే. నీరు, గాలి వంటివి ప్రవహించే తీరుని చదివే ఇంజనీర్లు ఇదే లెక్కని మూడు దిక్కుల్లోకీ విస్తరించి వాడతారు. దాన్ని రేనాల్డ్స్ సిద్ధాంతం అంటారు, ఓస్బోర్న్ రేనాల్డ్స్ పేరు మీద.

చరిత్రలో చూస్తే ఈ మూడో పదం తర్వాత ఎవరో తెచ్చి అతికించింది కాదు. 1697లో లీబ్నిట్జ్, యోహాన్ బెర్నూలీ ఉత్తరాల్లో వాదించుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే. వాళ్ల ముందు ఒక వక్రం కాదు, వక్రాల గుంపు ఉంది. ప్రతి వక్రమూ ఒక ఇంటిగ్రల్‌గా రాసినదే, దాని లోపల గుంపులో ఆ వక్రం స్థానాన్ని చెప్పే ఒక అంకె కూర్చుని ఉంది. ఒక వక్రం వెంట నడుస్తూ పోతే వచ్చే మార్పు మామూలు కలనగణితం. ఈ వక్రం మీంచి పక్క వక్రం మీదికి పోతే వచ్చే మార్పు ఎలా కట్టాలి? ఇంటిగ్రల్ గుర్తు లోపలికి వెళ్లి, ఆ అంకెని కదిపి డిఫరెన్షియేట్ చేసి, తర్వాత ఇంటిగ్రేట్ చేయవచ్చని లీబ్నిట్జ్ అప్పుడు కనిపెట్టాడు. మన నోట్సులో లీబ్నిట్జ్ పేరుతో ఉన్న సూత్రంలో లీబ్నిట్జ్ కనిపెట్టిన ఆ ముక్కే లేకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

మూడో పదం ఎంత బలమైనదో చూపడానికి నేను పిల్లలకు వడ్డీ లెక్క చెబుతాను. మన ఇళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే అర్థం కాని పిల్లలు ఉండరు. నెలకి నూటికి రెండు, బారువడ్డీ. ఒకాయన తన దగ్గరున్న డబ్బుని ఒక్కసారిగా కాకుండా, నెలకి వెయ్యి రూపాయల చొప్పున, రోజూ కొంత కొంతగా అప్పిస్తూ పోతున్నాడు. t అనే సమయంలో ఇచ్చిన డబ్బు మీద, x అనే సమయానికి x − t నెలల వడ్డీ చేరి ఉంటుంది. కాబట్టి x నెలలు గడిచేసరికి చేరిన మొత్తం వడ్డీ ఇది:

V(x) = ∫ 0.02·(x − t)·1000 dt, t = 0 నుంచి t = x వరకు

ఇంకోలా చెప్పాలంటే ∫ 20·(x − t) dt. ఇక్కడ కింది లిమిట్ 0, అది కదలదు. పై లిమిట్ x. ఇప్పుడు వడ్డీ ఎంత వేగంగా పెరుగుతోందో నోట్సులోని సూత్రంతో కడదాం. t బదులు x పెట్టాలి. x − x = 0. జవాబు సున్నా. అంటే వడ్డీ పెరగడమే లేదట!

ఆ రోజు ఈ మాట అనగానే క్లాసంతా గొల్లుమంది. వడ్డీకి ఇచ్చిన డబ్బు మీద వడ్డీ పెరగదంటే ఎవరు ఒప్పుకుంటారు? గోడ పదం సున్నా ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే అర్థవంతంగానే ఉంది. ఈ క్షణంలో చేతిలోంచి వెళ్లిన రూపాయి మీద ఈ క్షణానికి వడ్డీ ఏమీ చేరలేదు. గోడ పదం చెబుతున్నది అంతే. ఇదివరకే ఇచ్చిన డబ్బంతా ఊరికే ఉందా మరి? ప్రతి పాత రూపాయి మీదా వడ్డీ ఎక్కుతూనే ఉంది. అదే కప్పు పదం. 20·(x − t) లో x ని కదిపితే వచ్చేది 20. దాన్ని 0 నుంచి x దాకా ఇంటిగ్రేట్ చేస్తే 20x. పది నెలలయ్యాక x = 10, కాబట్టి వడ్డీ నెలకి 200 రూపాయల చొప్పున పెరుగుతోంది. ఇందులో సూత్రం అక్కర్లేకుండా సరిచూసుకోవచ్చు. పది నెలల్లో ఇచ్చిన అసలు పదివేలు, నూటికి రెండు అంటే నెలకి రెండు వందలు.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు అడిగాడు. "సార్, ఇంటిగ్రేషన్ t మీద కదా. x ని బయటికి తెచ్చేస్తే లోపల x ఉండదు. అప్పుడు మా ఫార్ములానే పని చేస్తుంది కదా సార్?"

మంచి ప్రశ్న. తెచ్చి చూద్దాం. V(x) = x·∫ 20 dt − ∫ 20t dt. రెండు ఇంటిగ్రల్స్ లోపలా ఇప్పుడు x లేదు, నిజమే. అయితే మొదటి ముక్కలో x, ఇంటిగ్రల్ గుణించుకుని ఉన్నాయి, రెండూ x తో మారేవే. గుణకార సూత్రం వాడాలి. మొదటి ముక్క నుంచి ∫ 20 dt ఒకటి, x·20 ఒకటి వస్తాయి. రెండో ముక్క నుంచి −20x వస్తుంది. చివరి రెండూ కొట్టేసుకుంటే మిగిలింది ∫ 20 dt, అంటే 20x. కప్పు పదం మళ్లీ వచ్చింది, గుణకార సూత్రం తలుపులోంచి. ఆ కుర్రాడి ఉపాయం x విడదీయగలిగినప్పుడు ఎంతో బాగా పనిచేస్తుంది. లోపల sin(xt) లాంటిది ఉంటే x ని విడదీసి బయటికి లాగడం కుదరదు, అప్పుడు కప్పు పదం రాయాల్సిందే.

పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఈ లెక్కలో నాకు కనిపించే పొరపాట్లలో ఎక్కువ భాగం మూడో పదాన్ని మర్చిపోవడమే. రెండోది కొంచెం సూక్ష్మమైంది. ∂f/∂x తీయాల్సిన చోట పిల్లలు t మీద డిఫరెన్షియేట్ చేసేస్తారు. x·t కి t రావాలి, వాళ్లకి x వస్తుంది. మన మొదటి లెక్కలో అలా చేస్తే x ని x నుంచి x² దాకా ఇంటిగ్రేట్ చేసి x·(x² − x), అంటే x = 2 దగ్గర 4 వస్తుంది, 6 బదులు. మొత్తం 32 అవుతుంది. అది 28 కన్నా సరైన జవాబుకి దగ్గరగా ఉండడం వల్ల పిల్లవాడు మరింత నమ్ముతాడు. చేయి ఎటు కదుపుతున్నామో గుర్తుంటే ఈ తప్పు రాదు. మనం జరుపుతున్నది x ని. t అనేది రెండు గోడల మధ్య నేల మీద ఉన్న ఒక్కో చోటు పేరు. చోటుని కదపకుండా నిలబెట్టి, అక్కడ కప్పు ఎంత లేచిందో చూడాలి.

మూడో సంగతి పొరపాటు కూడా కాదు, ఉచ్చు. మొదటి లెక్కలో F′(2) బదులు F′(1) అడిగి ఉంటే ఏమయ్యేది? నోట్సులోని సూత్రం ప్రకారం 2 − 1 = 1. అసలు జవాబు (5 − 3)/2 = 1. రెండూ ఒకటే! తప్పు పద్ధతికి పూర్తి మార్కులు. కారణం బొమ్మలో ఉంది. x = 1 దగ్గర x కూడా 1, x² కూడా 1. రెండు గోడలూ ఒకే చోట కలిసి నిలబడ్డాయి. మధ్య నేలే లేకపోతే కప్పు ఎంత లేచినా వైశాల్యం చేరదు. లిమిట్లు రెండూ కలిసేచోటే డెరివేటివ్ అడిగే ప్రశ్నలు పేపర్లలో తరచూ వస్తాయి, ఎందుకంటే అక్కడ అంకెలు సులువుగా వస్తాయి. అలాంటి ప్రశ్నలు పది చేసి పదీ సరిపోయిన పిల్లవాడికి తన పద్ధతిలో లోపం ఉందని తెలిసే దారి లేదు. అందుకే నేను సరిచూసుకోమని చెప్పేటప్పుడు గోడలు దూరంగా ఉన్న విలువ తీసుకోమంటాను. x = 2 తీసుకుని, F(2.001) − F(2) ని కాలిక్యులేటర్ మీద కట్టి 0.001తో భాగించి చూస్తే 34.037 వస్తుంది. 28 అనుకున్నవాడికి వెంటనే అనుమానం రావాలి.

ఇంత నమ్మకమైన సూత్రానికీ ఒక హద్దు ఉంది. లోపలి ప్రమేయం, దాని పాక్షిక అవకలజం, రెండూ గోడల మధ్యా గోడల దగ్గరా తెంపు లేకుండా, అనంతానికి పోకుండా ఉండాలి. గోడలు కూడా గెంతకుండా నునుపుగా కదలాలి. ఈ షరతు తప్పే ఒక అసలైన సందర్భం 1823లో నార్వే యువకుడు నీల్స్ హెన్రిక్ ఏబెల్ చేతిలో పడింది. వంపు తిరిగిన తీగ మీద ఒక పూస జారుతోంది. x ఎత్తు నుంచి వదిలితే కిందికి చేరడానికి ఎంత కాలం పడుతుందో ప్రతి ఎత్తుకీ తెలిస్తే, తీగ ఆకారం కనుక్కోగలమా అన్నది ప్రశ్న. t ఎత్తుకి వచ్చేసరికి పూస వేగం, అది జారిన ఎత్తు x − t వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. కాలం కావాలంటే వేగంతో భాగించాలి కాబట్టి ఇంటిగ్రల్ లోపలికి 1/√(x − t) వస్తుంది. వదిలిన క్షణంలో, అంటే t = x దగ్గర, పూస వేగం సున్నా. సున్నాతో భాగించాల్సి వచ్చింది.

అందులోని అతి సులువైన రూపం తీసుకుందాం.

G(x) = ∫ dt/√(x − t), t = 0 నుంచి t = x వరకు

ఇది నేరుగా ఇంటిగ్రేట్ చేయగలిగినదే. G(x) = 2√x. డెరివేటివ్ 1/√x. x = 4 అయితే సగం, 0.5. ఎక్కడా ఇబ్బంది లేదు. కానీ మన మూడు పదాల సూత్రాన్ని తీసుకొస్తే కుడి గోడ ఎత్తు అనంతం. కప్పు పదమేమో రుణ అనంతం, ఎందుకంటే x కుడికి జరిగితే నిలబడి ఉన్న ప్రతి t దగ్గరా కప్పు కిందికి దిగుతుంది, గోడ దగ్గర అంతులేని వేగంతో దిగుతుంది. అనంతంలోంచి అనంతం తీస్తే ఎంతని చెప్పగలం?

సూత్రం ఓడిపోయిందనుకునే ముందు గోడని కొంచెం వెనక్కి లాగి చూడాలి. x దాకా కాకుండా x − 0.0001 దాకా మాత్రమే ఇంటిగ్రేట్ చేద్దాం. ఇప్పుడు గోడ ఎత్తు అనంతం కాదు, 1/√0.0001, అంటే 100. కప్పు పదాన్ని కడితే, x = 4 దగ్గర, −(100 − 0.5), అంటే −99.5 వస్తుంది. కలిపితే 0.5. ఇంకా దగ్గరికి వెళ్లి 0.000001 దూరంలో ఆపితే గోడ పదం 1000, కప్పు పదం −999.5. మొత్తం మళ్లీ 0.5. విడివిడిగా రెండూ పట్టు దొరకకుండా పెరిగిపోతున్నా, కలిపి చూస్తే కదలడమే లేదు.

దీన్ని బల్ల మీద వేసి చూపించినప్పుడు, ముందు బెంచీ అమ్మాయే మళ్లీ చెయ్యెత్తింది. "సార్, గోడనే కదలకుండా చేయలేమా?"

చేయవచ్చు. ఎత్తుని మీటర్లలో కాకుండా, మొత్తం ఎత్తులో ఎన్నో వంతు అని కొలిస్తే చాలు. t = x·s అని పెట్టాం. t 0 నుంచి x దాకా పోతే s 0 నుంచి 1 దాకా పోతుంది. dt బదులు x·ds వస్తుంది, √(x − t) బదులు √x·√(1 − s) వస్తుంది. కాబట్టి

G(x) = √x · ∫ ds/√(1 − s), s = 0 నుంచి s = 1 వరకు

రెండు గోడలూ 0 దగ్గరా 1 దగ్గరా పాతుకుపోయాయి. ఇంటిగ్రల్ లోపల x లేదు, దాని విలువ 2. x అంతా బయట √x లో చేరింది. ఆ అమ్మాయి సుద్దముక్క తీసుకుని డిఫరెన్షియేట్ చేసింది, 1/√x వచ్చింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి మొదటి లెక్కలో కూడా t = x·s పెట్టి చూసింది. అక్కడ లిమిట్లు 1 నుంచి x దాకా వచ్చాయి, లోపల x³·s మిగిలింది. ఎడమ గోడ ఆగిపోయింది గానీ కప్పు ఇదివరకటికన్నా వేగంగా లేస్తోంది. గోడ పదం x³·x, అంటే 16. కప్పు పదం 3x²·(x² − 1)/2, అంటే 18. మొత్తం 34.